రెండు ఫీసద్ ఓట్లు, పాతిక సీట్లు

2025 నవంబర్ 14. జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక నతీజా వచ్చిన రోజు. బోరబండలో మా ఆపా ఇంట్లో దస్తర్‌ఖాన్ పరిచి ఉంది. టీవీలో కాంగ్రెస్ వాళ్లు గులాల్ చల్లుకుంటున్నారు. దూల్హాభాయ్ ఆ తెర వైపు వేలు చూపించి నాతో అన్నాడు: "దేఖే క్యా మియా? ఈసారి పతంగ్ ఎగరలేదు, హాత్ గెలిచింది. రెండేళ్ల కింద నేనన్నది అదే కదా!"

ఎదురుగా కూర్చున్న భాంజా రోటీ ముక్క ప్లేటులోనే వదిలేసి లేచిపోయాడు.

ఈ జగడా పాతది. 2023 డిసెంబర్‌లో ఇదే హల్కాలో కాంగ్రెస్ ఉమ్మీద్‌వార్ అజహరుద్దీన్ ఓడిపోయాడు. బీఆర్ఎస్ నుంచి మాగంటి గోపీనాథ్ గెలిచాడు. మజ్లిస్ కూడా అభ్యర్థిని నిలబెట్టింది. మా భాంజాకి అది రెండో ఓటో మూడో ఓటో, పతంగ్‌కి వేశాడు. వేసినట్టు ఇంట్లో చెప్పాడు కూడా. అప్పట్నించి దూల్హాభాయ్ దృష్టిలో అజహర్ ఓటమికి జిమ్మేదార్ ఈ కుర్రాడే. "నీలాంటోళ్ల వల్లే మనోడు ఓడిపోయిండు" అని నలుగురి ముందు అన్నాడు. తండ్రీ కొడుకుల మధ్య ఆర్నెల్లు సరిగ్గా మాటల్లేవు. ఆపా మధ్యలో నలిగిపోయింది.

ఆ రోజు ఇద్దరూ నన్నే అడిగారు. అఖ్బారోడివి కదా, నువ్వు చెప్పు అని. నేను ఇద్దర్నీ నొప్పించకూడదని "కొంత నిజం ఉండొచ్చులే" అని దాటేశాను. అది నా తప్పు. ఆ హల్కా అంకెలు నా డైరీలోనే ఉన్నాయి. అయిదు నిమిషాలు హిసాబ్ చేసుంటే ఆ ఇల్జామ్ నిలబడేది కాదు. ఆలస్యంగానైనా ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను. ఎందుకంటే ఇది ఒక్క మా ఆపా ఇంటి గొడవ కాదు. ఎన్నిక అయిన ప్రతిసారీ చాలా ముస్లిం ఇళ్లలో, మస్జిద్ బయట చెప్పులు తొడుక్కునే చోట, చాయ్ ఖానాల్లో ఇదే పంచాయతీ. మన ఓటు చీలింది, మనమే ఓడించుకున్నాం, లేదంటే మనమే గెలిపించాం. అంకె మాత్రం ఎవరూ తీయరు.

ఫీసద్ అంటే దేంట్లో నూరు?

నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నాను. మా హిసాబ్ ఉస్తాద్‌కి ఒక ఆదత్ ఉండేది. మేం జవాబుగా "పచ్చీస్ ఫీసద్" అనగానే బెత్తం బల్ల మీద కొట్టి "కిస్కా సౌ?" అనేవారు. ఎవరి నూరు? దేంట్లో నూరు? ఫీ అంటే ప్రతి, సద్ అంటే నూరు. ప్రతి నూరుకీ ఇంత. ఆ నూరు దేనిదో చెప్పకపోతే ఆయన సున్నా వేసేవారు.

ఎన్నికల హిసాబ్‌లో సగం ఘలత్‌ఫహ్మీ అక్కడే పుడుతుంది. టీవీలో చెప్పే ఓట్ల శాతం రియాసత్ మొత్తం ఓట్లలో నూరు. సీటు ఇచ్చేది మాత్రం హల్కాలోని నూరు. తెలంగాణలో 119 హల్కాలు అంటే 119 వేర్వేరు ఎన్నికలు. ఒకచోట మిగిలిపోయిన ఓట్లు పక్క హల్కాకి వెళ్లవు. గెలవడానికి సగం కూడా అక్కర్లేదు. రెండోవాడి కంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు.

చిన్న మిసాల్ చెప్తాను. మూడు హల్కాలు, ఒక్కోదాంట్లో నూరు ఓట్లు అనుకోండి. గుర్రం పార్టీ, ఒంటె పార్టీ అని రెండే పార్టీలు. మొదటి రెండు చోట్లా గుర్రానికి 51, ఒంటెకి 49. మూడో చోట గుర్రానికి 10, ఒంటెకి 90. మొత్తం కలిపితే 300 ఓట్లలో ఒంటెకి 188 వచ్చాయి, అంటే దాదాపు 63 ఫీసద్. గుర్రానికి 112. కానీ సీట్లు గుర్రానికి రెండు, ఒంటెకి ఒకటి. హుకూమత్ గుర్రానిది.

ఇందులో ధోకా ఏమీ లేదు, మిషన్ల మాయ లేదు. మూడో హల్కాలో ఒంటెకి పడిన 90 ఓట్లలో 11 పడినా గెలిచేది. మిగతా 79 పరువు కోసం పనికొచ్చాయి, సీటు కోసం కాదు.

ఇప్పుడు మొదటి రెండు హల్కాల్లో ఇద్దరిద్దరు మనుషులు గుర్రం వదిలి ఒంటెకి వేశారనుకోండి. రెండు చోట్లా గుర్రం 49, ఒంటె 51. మారింది 300 మందిలో నలుగురు. గుర్రం సీట్లు రెండు నుంచి సున్నా అయ్యాయి. కొన్ని ఫీసద్‌ల ఊపు అంటే ఇదే. ఊపు చిన్నదా పెద్దదా అన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఆ ఊపు తగిలిన చోట తేడా ఎంత సన్నగా ఉందో చూడాలి.

ఒకే 39, మూడు కిస్మత్‌లు

మిసాల్ నుంచి మన ఇంటికి వద్దాం. 2023 తెలంగాణ ఎన్నికల్లో కాంగ్రెస్‌కి 39.40 ఫీసద్ ఓట్లు, బీఆర్ఎస్‌కి 37.35 ఫీసద్. తేడా రెండు ఫీసద్ కంటే రవ్వంత ఎక్కువ. నూరుమందిలో ఇద్దరు. కానీ సీట్లు కాంగ్రెస్‌కి 64, బీఆర్ఎస్‌కి 39. ఆ రెండు ఫీసద్ ఫర్క్ పాతిక సీట్ల ఫర్క్ అయింది. ఒకరు సెక్రటేరియట్‌కి, ఒకరు ఫామ్‌హౌస్‌కి.

ఇప్పుడు కృష్ణా నది దాటి ఆంధ్రప్రదేశ్ చూడండి. 2024లో వైసీపీకి 39.37 ఫీసద్ ఓట్లొచ్చాయి. తెలంగాణలో కాంగ్రెస్‌కి వచ్చిన దానికీ దీనికీ తేడా ఉందా? లేనట్టే. కానీ వైసీపీకి 175 సీట్లలో దక్కినవి 11. అంతకుముందు 2019లో టీడీపీది కూడా ఇదే కథ. 39.17 ఫీసద్ ఓట్లు, 23 సీట్లు.

ఒకే 39. ఒకరికి తఖ్త్, ఇంకొకరికి 23, మరొకరికి 11. అయితే 39 మంచిదా చెడ్డదా? ఆ ప్రశ్నే ఘలత్. అడగాల్సింది ఇది: మిగతా 61 ఎక్కడున్నారు?

తెలంగాణలో ఆ 61 ముక్కలై ఉన్నారు. బీఆర్ఎస్‌కి 37, బీజేపీకి 14, తక్కినవాళ్లకి మిగిలింది. కాబట్టి చాలా హల్కాల్లో 40 దాటితే గెలుపే. ఆంధ్రలో 2024లో టీడీపీ, జనసేన, బీజేపీ ఒకే జమాత్‌గా నిలబడ్డాయి. ముగ్గురివీ కలిపితే 55 ఫీసద్. చాలా హల్కాల్లో ముఖాముఖి పోరు. 39 ఉన్నవాడు దాదాపు ప్రతి చోటా 55 ముందు నిలబడాల్సి వచ్చింది. కొద్ది చోట్ల తప్ప అంతటా రెండోవాడే అయ్యాడు. రెండోవాడికి మన నిజామ్‌లో ఇనామ్ లేదు.

2019లో ఇదే తిరగబడి ఉంది. వైసీపీకి దాదాపు 50 ఫీసద్, టీడీపీకి 39, జనసేన విడిగా అయిదున్నర. వైసీపీకి 151 సీట్లు. అయిదేళ్లలో వైసీపీ పోగొట్టుకున్నది నూరులో పదిన్నర మందిని. పోయిన సీట్లు 140. ప్రజలంతా ఆ పార్టీని వదిలేశారు అనడం అందుకే ఘలత్. ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు దానికే వేశారు. సీట్లు చూస్తే ఆ నలుగురు కనపడరు.

ఊపు లెక్క రెండింతలు ఎందుకవుతుంది

ఊపు గురించి ఒక నుక్తా మనవాళ్లు తరచూ వదిలేస్తారు. కారుకి వేసే ఒక మనిషి ఈసారి హాత్‌కి వేస్తే కారుకి ఒకటి తగ్గుతుంది, హాత్‌కి ఒకటి పెరుగుతుంది. మనిషి ఒక్కడే, ఫర్క్ మాత్రం రెండు. అందుకే 2,000 ఓట్ల తేడా తిరగబడటానికి 2,000 మంది మారక్కర్లేదు, 1,001 మంది చాలు.

తెలంగాణనే తీసుకోండి. 2018లో అప్పటి టీఆర్ఎస్ కాంగ్రెస్ కంటే 18 ఫీసద్‌ల పైన ముందుంది, 88 సీట్లు గెలిచింది. 2023లో కాంగ్రెస్ రెండు ఫీసద్ ముందుకొచ్చింది. మొత్తం ఫర్క్ ఇరవై తిరిగింది. మనుషుల లెక్కలో చెప్పాలంటే నూరుమందిలో సుమారు పదిమంది ఇటు నుంచి అటు మారినట్టు. వాళ్లే మారారని కాదు. కొందరు ఇంట్లో కూర్చుంటారు, కొందరు కొత్తగా వస్తారు, కొందరు మూడో పార్టీకి పోతారు. మొత్తం అసర్ అంత అని.

కానీ ఆ ఊపు అన్ని చోట్లా ఒకేలా వీయలేదు. రియాసత్ అంతా కాంగ్రెస్ గాలి అన్న 2023లో హైదరాబాద్ జిల్లా 15 సీట్లలో కాంగ్రెస్‌కి ఒక్కటీ రాలేదు. మజ్లిస్‌కి 7, బీఆర్ఎస్‌కి 7, బీజేపీకి 1. పల్లెల్లో పది దాటి వీచిన గాలి శహర్‌లో ఆకు కదిలించలేకపోయింది. అందుకే టీవీలో "రెండు శాతం ఊపు వస్తే ఇన్ని సీట్లు" అని గీత గీసి చూపించినప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ గీత ప్రతి హల్కాలోనూ గాలి ఒకేలా వీస్తుందని ఫర్జ్ చేసుకుని గీసినది. సర్వే చేసేవాళ్లకి రెండు మూడు ఫీసద్‌లు అటూ ఇటూ తప్పు రావడం మామూలే. గెలిచినవాడికీ ఓడినవాడికీ మధ్య ఉన్నదే రెండు ఫీసద్ అయితే, ఆ సర్వే పట్టుకుని సీట్లు పంచేయడం హిసాబ్ కాదు, ఫాల్ తీయడం.

మన ఓట్లు ఎక్కడున్నాయి

మన ఖౌమ్ సంగతికి వస్తాను. 2023లో మజ్లిస్‌కి రియాసత్ మొత్తం మీద 2.22 ఫీసద్ ఓట్లు, 7 సీట్లు. బీజేపీకి 13.90 ఫీసద్ ఓట్లు, 8 సీట్లు. ఆరింతల ఓట్లున్న పార్టీకి ఒక్కటంటే ఒక్క సీటే ఎక్కువ. దీన్ని కొందరు మజ్లిస్ చాలాకీ అంటారు, కొందరు నిజామ్‌లో నాఇన్‌సాఫీ అంటారు. రెండూ కాదు. మజ్లిస్ పోటీ చేసిందే 9 చోట్ల. ఓట్లన్నీ పాతబస్తీ, దాని చుట్టుపక్కల గుట్టగా పడ్డాయి. బీజేపీ 111 చోట్ల పోటీ చేసి ఓట్లని రియాసత్ అంతా పల్చగా పరిచింది.

అయితే గుట్టగా పడటంలోనూ నష్టం ఉంది. చాంద్రాయణగుట్టలో అక్బరుద్దీన్ ఒవైసీ 81,660 ఓట్ల తేడాతో గెలిచాడు. అదే ఎన్నికలో యాకుత్‌పురాలో మజ్లిస్ ఉమ్మీద్‌వార్ ఎంబీటీ మీద 878 ఓట్లతో బయటపడ్డాడు. నాంపల్లిలో కాంగ్రెస్ మీద తేడా 2,037. అసెంబ్లీలో మూడూ మూడు కుర్చీలే. 81,660 తెచ్చినవాడికి కుర్చీ పెద్దదేం కాదు. యాకుత్‌పురాలో 440 మంది మజ్లిస్ వదిలి ఎంబీటీకి వేసుంటే నతీజా వేరు. నాలుగు గల్లీల జనం. చాంద్రాయణగుట్టలో అదే 440 మంది ఏం చేసినా ఏ అఖ్బార్‌లోనూ రాదు.

ఇక్కడే నేను మనవాళ్లతో విభేదిస్తాను. "తెలంగాణలో మనం పన్నెండు ఫీసద్ పైన ఉన్నాం, హుకూమత్‌లు మనమే బనాయిస్తాం" అని ప్రతి జల్సాలో తఖ్‌రీర్‌లు. పన్నెండు ఎవరి నూరులో? రియాసత్ నూరులో. సీటు ఆ నూరులో లేదు. మన పన్నెండు ఫీసద్ 119 హల్కాల్లో సమంగా లేరు. కొన్ని హల్కాల్లో మనమే సగం పైన. చాలా చోట్ల నూరులో ముగ్గురో నలుగురో. మొదటి రకం చోట మనం గెలిపించేవాళ్లం. రెండో రకం చోట తేడా సన్నగా ఉంటేనే మన మాట చెల్లుతుంది. 2023లో చేవెళ్లలో బీఆర్ఎస్ గెలిచింది 268 ఓట్లతో. అక్కడ మనమే కాదు, ఏ చిన్న బిరాదరీ అయినా, ఏ ఒక్క తండా అయినా మేమే గెలిపించాం అని చెప్పుకోవచ్చు, అందరి మాటా నిజమే. ఇరవై వేల తేడా ఉన్న చోట అయిదువేల మంది వెళ్లి మేమే అంటే అది జజ్బాత్, హిసాబ్ కాదు.

పొగడ్త దగ్గర ఈ హిసాబ్ తప్పు చేసినవాళ్లే నింద దగ్గర కూడా తప్పు చేస్తారు. మేమే గెలిపించాం అని చెప్పుకున్న ఖౌమ్‌ని, రేపు మీరే ఓడించారు అని ఎవరన్నా అంటే కాదనడం కష్టం. అందుకే ముందు పొగడ్తని సరిచేసుకోవాలి.

దూల్హాభాయ్ ఇల్జామ్ మీద హిసాబ్

ఇప్పుడు అసలు ముఖద్దమాకి వద్దాం. 2023 జూబ్లీహిల్స్. గోపీనాథ్‌కి 80,549 ఓట్లు. అజహరుద్దీన్‌కి 64,212. బీజేపీకి 25,866. మజ్లిస్‌కి 7,848.

మొదటివాడికీ రెండోవాడికీ తేడా 16,337. మజ్లిస్ ఓట్లు 7,848. దూల్హాభాయ్‌కి నేను అన్నీ వదిలేస్తాను. మజ్లిస్ నిలబడలేదనుకుందాం. పతంగ్‌కి వేసిన ప్రతి ఒక్కరూ, ఒక్కరూ తగ్గకుండా, ఇంట్లో కూర్చోకుండా, కారు వైపు చూడకుండా అందరూ హాత్‌కే వేశారనుకుందాం. అప్పుడు అజహర్‌కి 72,060. ఇంకా 8,489 ఓట్లు తక్కువే. ఓటమే. మా భాంజా ఓటు ఆ గుట్టలో ఒకటి. ఆ గుట్టంతా తెచ్చి పోసినా తక్కెడ లేవదు.

ఇంకో వైపు నుంచి చూడండి. కారుకి వేసిన 80 వేల మందిలో 8,169 మంది హాత్‌కి మారి ఉంటే అజహర్ గెలిచేవాడు. పదిమందిలో ఒక్కడు. మూడో పార్టీ నుంచి వచ్చే ఓటు తేడాని ఒకటి తగ్గిస్తుంది, ఎదుటివాడి నుంచి వచ్చే ఓటు రెండు తగ్గిస్తుంది. ఆ హల్కాలో కారుకి వేసిన ముస్లిం ఇళ్లు లేవా? ఎన్ని లేవు! షాదీ ముబారక్ అందుకున్న ఇళ్లు మా ఆపా గల్లీలోనే ఉన్నాయి. వాళ్లని ఎవరూ గద్దార్ అనలేదు, అనకూడదు కూడా. కానీ పతంగ్‌కి వేసిన కుర్రాడి మీద మాత్రం ఇల్జామ్. కారుకి వేసిన ఓటు రహస్యంగా ఉండిపోయింది, వీడు చెప్పేశాడు. వీడి జుర్మ్ అదొక్కటే.

మరి 2025 ఉప ఎన్నిక? గోపీనాథ్ చనిపోయాక వచ్చిన ఎన్నికలో మజ్లిస్ పోటీ చేయలేదు, కాంగ్రెస్‌కి మద్దతిచ్చింది. నవీన్ యాదవ్ 98,988 ఓట్లతో గెలిచాడు, తేడా 24,729. దూల్హాభాయ్‌కి ఇది గవాహీలా కనపడింది. కానీ కాంగ్రెస్ ఓట్లు 64,212 నుంచి 98,988కి వెళ్లాయి. పెరిగినవి 34,776. అందులో మజ్లిస్ నుంచి రాగలిగినవి ఎంత ఎక్కువ వేసుకున్నా 7,848, అంటే పావు కంటే తక్కువ. మిగతా మూడు పావుల పైన వేరే ఎక్కణ్నుంచో వచ్చాయి. బీజేపీకి దాదాపు తొమ్మిది వేలు తగ్గాయి, బీఆర్ఎస్‌కి ఆరు వేల పైచిలుకు తగ్గాయి. కాంగ్రెస్ చేతిలో హుకూమత్ ఉంది. అభ్యర్థి ఆ మొహల్లాల్లో పుట్టి పెరిగినవాడు. పతంగ్ లేకపోవడం ఒక సబబ్ కావొచ్చు. అసలు సబబ్ అదే అనడానికి అంకెలు ఒప్పుకోవు.

చీలిక నిజంగా ఉన్న చోట

ఓట్ల చీలిక అసలు లేనే లేదని నేను అనడం లేదు. అది ఉన్న చోట కూడా హిసాబ్ చేసే చెప్పాలి. 2023లోనే నిజామాబాద్ అర్బన్ తీసుకోండి. బీజేపీ 75,240 ఓట్లతో గెలిచింది. కాంగ్రెస్ నుంచి షబ్బీర్ అలీకి 59,853. బీఆర్ఎస్‌కి 44,829. గెలుపు తేడా 15,387. ఇక్కడ మూడో పార్టీ ఓట్లు తేడాకి దాదాపు మూడింతలు. చీలిక మాట ఎత్తడానికి ఇక్కడ జాగా ఉంది.

అయినా తొందర నక్కో. బీఆర్ఎస్ లేకపోతే ఆ 45 వేల ఓట్లూ షబ్బీర్ అలీకే వచ్చేవా? ఆ పార్టీ అభ్యర్థి గుప్తా బిరాదరీ మనిషి. ఆయనకి వేసినవాళ్లలో ముస్లింలూ ఉన్నారు, వ్యాపారులూ ఉన్నారు, పింఛన్ అందుకునే ముసలివాళ్లూ ఉన్నారు. వాళ్లంతా ఓటేయడానికి వచ్చి, ఈ ఇద్దరిలోనే ఒకర్ని ఎంచుకున్నారనుకుందాం. షబ్బీర్ అలీ గెలవాలంటే వాళ్లలో 30 వేల పైచిలుకు ఆయన వైపు రావాలి. అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరు, ఇంకా కొంచెం ఎక్కువే. వచ్చేవారా? రావొచ్చు, రాకపోవచ్చు. అంకె మనల్ని అక్కడి దాకా తీసుకొచ్చి ఆగిపోతుంది. ఆ తర్వాత చెప్పేది అందాజా.

కాబట్టి ఎవరైనా మీ ముందు "ఓటు చీలి ఓడిపోయాం" అంటే మూడు అంకెలు అడగండి. తేడా ఎంత? మూడోవాడి ఓట్లెన్ని? ఆ ఓట్లలో ఎంతమంది రెండోవాడికి రావాలి? మూడోవాడి ఓట్లు తేడా కంటే తక్కువైతే మాట అక్కడితో ఖతం. ఎక్కువైతేనే మూడో సవాల్ మొదలవుతుంది. ఈ అంకెలు దాచిన ఖజానా కాదు. ఎన్నికల కమిషన్ సైట్‌లో హల్కా వారీగా ఉంటాయి. ఫారం 20 అని ఒకటుంటుంది, అందులో ఒక్కో పోలింగ్ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో కూడా రాసి ఉంటుంది. మీ మొహల్లా స్కూల్లోని బూత్ ఏం చెప్పిందో మీరే చూసుకోవచ్చు. అయితే అందులోనూ బూత్ కనపడుతుంది, మనిషి కనపడడు. ఫలానా ఇంటివాళ్లు ఫలానా గుర్తుకి వేశారని ఏ ఫారమూ చెప్పదు.

దూల్హాభాయ్‌కి ఇదంతా క్యాలెండర్ కాగితం వెనక రాసి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి, పెట్టుకుని, మళ్లీ తీసి చూశాడు. చివరికి అన్నాడు: "హిసాబ్ సహీ మియా. కానీ పతంగ్ నిలబడితే మాహోల్ ఖరాబ్ అవుతుంది. ఎదుటివాళ్లు ఒక్కటవుతారు. అది నీ కాగితంలో ఎక్కడుంది?"

మంచి సవాలే. నా కాగితంలో అది లేదు. ఒక అభ్యర్థి నిలబడటం వల్ల ఇంకెంతమంది భయపడి ఎటు మళ్లారో ఓట్ల లెక్కింపు చెప్పదు. ఆయన ఆ మాట రాయ్‌గా అంటే నేను వింటాను, బహస్ చేస్తాను. కానీ దాన్ని హిసాబ్ పేరుతో ఒక కుర్రాడి నెత్తిన వేయడానికి మాత్రం ఒప్పుకోను. లెక్క తేలని మాటకి సజా వేయకూడదు. తన ఓటు తనకి నచ్చినవాళ్లకి వేసుకోవడం వాడి హఖ్. అది గెలిచే ఓటా ఓడే ఓటా అని వేసేముందు ఎవరికీ తెలియదు.

ఆపా లోపల్నుంచి చాయ్ తెచ్చింది. కాగితం మీద కప్పు పెట్టబోతే దూల్హాభాయ్ ఆపాడు. కాగితాన్ని మడిచి భాంజా గది తలుపు కింద నుంచి లోపలికి తోశాడు. మాటేమీ అనలేదు. కాసేపటికి వాడు బయటికొచ్చాడు. చేతిలో ఆ కాగితం, దాని మీద పెన్నుతో ఒక తీసివేత గుర్తు.

"మామూ, ఇక్కడ 8,489 కరెక్టే. నేను మళ్లీ చేసి చూశా" అన్నాడు.

దూల్హాభాయ్ వాడి కోసం పక్కకి జరిగి జాగా ఇచ్చాడు.